సోడియం దీపంలో జంట గీతలు

బీఎస్సీ ఫిజిక్స్ ల్యాబులో సోడియం దీపం స్విచ్ వేయగానే ముందు ఎర్రగా వెలుగుతుంది. అది లోపలున్న నియాన్ వెలుగు. కొన్ని నిమిషాలకు సోడియం ఆవిరై, దీపం నిండు పసుపులోకి తిరుగుతుంది. మిల్లీమీటరుకు 600 గీతలున్న గ్రేటింగ్ పెట్టి, టెలిస్కోపును 45 డిగ్రీల దగ్గరికి జరిపితే రెండో క్రమంలో పసుపు గీత దొరుకుతుంది. స్లిట్ వెడల్పుగా ఉంటే ఒక్క గీతే కనిపిస్తుంది. స్క్రూ మెల్లగా తిప్పి స్లిట్‌ను సన్నం చేస్తే గీత మధ్యలో నల్లటి సందు పడి, అది రెండవుతుంది. ఒకటి 589.0 నానోమీటర్లు, ఇంకొకటి 589.6. వాటి మధ్య కోణం డిగ్రీలో పదిహేడో వంతు మాత్రమే.

ఆ సందు ఎలా వచ్చిందని అడిగితే, 3p కంటే 3s ముందెందుకు నిండుతుందో కూడా తెలుస్తుంది.

సోడియంలో 11 ఎలక్ట్రాన్లున్నాయి. ఒకే పరమాణువులో ఏ రెండింటికీ నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటే కాకూడదని 1925లో పౌలీ చెప్పాడు. అందుకే 1sలో రెండు, 2sలో రెండు, 2pలో ఆరు చేరేసరికి చోటు అయిపోతుంది. పదకొండోది మూడో కర్పరానికి వెళ్లాలి. అక్కడ 3s, 3p, 3d మూడూ ఖాళీయే. హైడ్రోజన్‌లోనైతే ఈ మూడింటి శక్తి దాదాపు ఒకటే. ఎక్కడినుంచి ఎలక్ట్రాన్‌ను పీకినా 1.51 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. సోడియంలో మాత్రం 3sకు 5.14, 3pకి 3.04, 3dకి 1.52 కావాలి.

ఈ మూడో అంకె దగ్గర కాస్త ఆగండి. 3d ఎలక్ట్రాన్‌కు సోడియం అచ్చం హైడ్రోజన్‌లాగే ఉంది! అది బయటే తిరుగుతుంది కాబట్టి, కేంద్రకంలోని 11 ప్రోటాన్లలో పదింటిని లోపలి పది ఎలక్ట్రాన్లు కప్పేస్తాయి; దానికి తగిలేది ఒక్క ఆవేశమే. 3s ఎలక్ట్రాన్ అలా కాదు. అది లోపలి తెరను దాటి కేంద్రకం దాకా చొచ్చుకుపోతుంది, అక్కడ పూర్తి ఆకర్షణ తగులుతుంది. 3p కూడా చొచ్చుకుపోతుంది గానీ అంతగా కాదు. అందుకే మొదటి చోటు 3sది. పొటాషియంలో పంతొమ్మిదో ఎలక్ట్రాన్ 3dని వదిలి 4sకు పోయేదీ ఇందుకే. మనం బట్టీపట్టే n + l నియమం ఈ పోటీ ఫలితాన్ని గుర్తుపెట్టుకునే సులువు మాత్రమే, ప్రకృతి సూత్రం కాదు. క్రోమియం, కాపర్ దాన్ని తప్పుతాయి. ఐరన్ అయాన్ అయ్యేటప్పుడు ముందు పోయేవి 4s ఎలక్ట్రాన్లే.

ఇక పసుపు రంగు. ఎలక్ట్రాన్ 3p నుంచి 3sకు దిగితే 5.14 లోంచి 3.04 పోగా మిగిలిన 2.10 ఎలక్ట్రాన్ వోల్టులు వెలుగుగా వస్తాయి. గీతలు రెండు రావడానికి కారణం 3p ఒక మెట్టు కాదు, రెండు. ఎలక్ట్రాన్ వైపునుంచి చూస్తే కేంద్రకమే దాని చుట్టూ తిరుగుతుంది, తిరిగే ఆవేశం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. స్పిన్ వల్ల ఎలక్ట్రాన్ తానే చిన్న అయస్కాంతం. స్పిన్, కక్ష్యా చలనం ఒకే దిశగా కలిస్తే j విలువ 3/2, ఎదురెదురైతే 1/2. ఈ రెంటి శక్తీ కొద్దిగా వేరు. 3sలో కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా కాబట్టి అది చీలదు.

చీలిక 0.0021 ఎలక్ట్రాన్ వోల్టులు. లెక్క వేస్తే j = 3/2 మెట్టు 0.0007 పైకి, j = 1/2 మెట్టు 0.0014 కిందికి జరుగుతాయి. పై మెట్టులో నాలుగు స్థితులు, కింద రెండు. నాలుగు ఏడులు 28, రెండు పద్నాలుగులూ 28. పైకి పోయిందీ కిందికి వచ్చిందీ సరిసమానం. అందుకే 2pలాంటి నిండిన ఉపకర్పరం ఈ చీలికలో పాలుపంచుకోదు. మాట్లాడేదంతా బయటి ఒంటరి ఎలక్ట్రానే.

హైడ్రోజన్ 3pలో ఇదే చీలిక సోడియంలో దాదాపు 160వ వంతే. తేడా అంతా 3p ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గర గడిపే కొద్దిసేపటిలో వచ్చింది. అక్కడ ఆకర్షణతోపాటు అయస్కాంత క్షేత్రమూ విపరీతంగా పెరుగుతుంది. ఏ మెట్టు ముందు నిండాలో నిర్ణయించిన చొరబాటే గీతను ఇంతగా చీల్చింది. కేంద్రకం బరువెక్కేకొద్దీ సందూ పెరుగుతుంది: పొటాషియం జంట 766.5, 769.9 దగ్గర, సీజియం జంట 852.1, 894.3 దగ్గర.

ఈసారి ప్రాక్టికల్లో రెండు గీతలూ విడిగా కనిపించేదాకా స్లిట్ సన్నం చేయండి. కోణం కాస్త ఎక్కువ చూపించే 589.6 గీత j = 1/2 మెట్టు నుంచి దిగినది. రికార్డులో ఆ అంకె పక్కన ఆ మాట కూడా రాయండి.