చందా డబ్బు ఏ దారిన రావాలి?

మంథనిలో ఉంటూ గోదావరి తీరపు గుళ్ల చరిత్రను వారానికో వ్యాసంగా రాసే రచయిత ఒకరున్నారనుకుందాం. నెలకు 100 రూపాయల చందా పెడదామన్నది ఆయన ఆలోచన. సబ్‌స్టాక్ లాంటి న్యూస్‌లెటర్ వేదికలో చేరాలా, సొంత డొమైన్ కొనుక్కుని బ్లాగు పెట్టుకోవాలా?

ముందు లెక్క చూద్దాం. చందాదారులు 200 మంది అయితే నెలకు 20,000 రూపాయలు. సబ్‌స్టాక్ 10 శాతం, అంటే 2,000 తీసుకుంటుంది. కార్డు రుసుము అదనం. సొంత బ్లాగుకు మన దేశపు పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే రుసుము సాధారణంగా 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. అంతా కలిపి 472 రూపాయలు. ఏడాదికి తేడా 18,000 దాటుతుంది. డొమైన్, హోస్టింగ్ ఖర్చులు అందులోంచే వెళ్లిపోతాయి. అదే 20 మందే ఉంటే వేదిక వాటా ఏడాదికి 2,400. అంత చిన్న మొత్తం కోసం సొంత సర్వర్ తలనొప్పి ఎందుకు?

అసలు చిక్కు శాతాల్లో లేదు. సబ్‌స్టాక్‌లో చందా వసూలు స్ట్రైప్ ఖాతా ద్వారానే జరుగుతుంది. స్ట్రైప్ 2024లో భారత్‌లో కొత్త ఖాతాలను ఆహ్వానం ఉన్నవారికే పరిమితం చేసింది. కాబట్టి మంథని రచయిత ఉచిత న్యూస్‌లెటర్ హాయిగా నడుపుకోవచ్చు కానీ, చందా దగ్గరికొచ్చేసరికి దారి మూసుకుపోవచ్చు. పైగా మన పాఠకుడి చేతిలో ఉన్నది కార్డు కన్నా యూపీఐయే.

వేదిక మారాల్సివస్తే ఈమెయిల్ జాబితాను ఫైలుగా దించుకుని వెంట తీసుకుపోవచ్చు. నెలనెలా డబ్బు తీసుకోవడానికి సభ్యుడిచ్చిన ఆటోపే అనుమతి అలా రాదు. అది గేట్‌వేతో ముడిపడి ఉంటుంది. గేట్‌వే మారితే చాలాసార్లు సభ్యులందరినీ మళ్లీ అడగాలి, అడిగినప్పుడల్లా కొందరు జారిపోతారు. అందుకే నెలచందా కన్నా, మన పత్రికలకు అలవాటైన సంవత్సర చందా మేలంటాను. ఏడాదికోసారి యూపీఐలో 1,000 కట్టించుకుంటే ఆటోపే అవసరమే లేదు.

సొంత దారికీ ఒక గుంత ఉంది: ఉత్తరాలు స్పామ్‌లో పడటం. మీ డొమైన్ పేరుతో వెళ్లే మెయిల్ నిజంగా మీదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ నమోదులు డొమైన్ అమరికల్లో ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంటోంది. మీ జీమెయిల్‌కే ఒక ఉత్తరం పంపి, Show original నొక్కి చూడండి. రెండింటి పక్కనా PASS అని లేకపోతే చందా అడగడం వాయిదా వేయండి.

అయినా సొంత చిరునామాకే నా ఓటు. 1998లో మొదలైన వెబ్ పత్రిక 'ఈమాట' పాత సంచికలు eemaata.com అనే సొంత చిరునామాలో నేటికీ దొరుకుతున్నాయి. అందుకే మంథని రచయితకు నా సలహా ఇది: డొమైన్ మొదటిరోజే కొనండి, చందా యూపీఐలో తీసుకోండి, ఉచిత ఉత్తరాలకు మాత్రం వేదికను వాడుకోండి.