తెలుగు వాక్యము – విరామ చిహ్నములు

మా విద్యార్థి ఒకరు వ్యాసపత్రములో ఇట్లు వ్రాసినాడు: ఫారెస్టు గార్డు భయపడుతూ పరుగెత్తుతున్న లేడిని చూశాడు. భద్రాచలం అడవిని గూర్చిన వ్యాసమది. భయపడినది గార్డా, లేడియా? తరగతిలో అడుగగా సగము మంది ఒకటి, సగము మంది మరియొకటి చెప్పినారు. "భయపడుతూ" తరువాత ఒక కామా పెట్టినచో భయము గార్డుకు చెందును. పెట్టనిచో అది ప్రక్కనే యున్న క్రియను పట్టుకొని లేడిని చేరును. అయితే చదువరి ఆ కామాను గమనింపక పోవచ్చును. కావున "పరుగెత్తుతున్న లేడిని గార్డు భయపడుతూ చూశాడు" అని పదముల వరుస మార్చుటయే మేలని మా అభిప్రాయము. చిహ్నము చేయగల పనిని తెలుగులో పదక్రమము తరచుగా ఇంకను బాగుగా చేయగలదు.

ఈ చిహ్నములు లేని కాలములో మనవారు ఎట్లు చదివినారు? తాళపత్రముపై గంటముతో వ్రాసినప్పుడు పదమునకు పదమునకు నడుమ ఎడము కూడ ఉండెడిది కాదు. పద్యము ముగిసినచోట నిలువు గీత గీసెడివారు. పద్యమునకు వేరే ఆధారములును కలవు. కంచర్ల గోపన్న దాశరథీ శతకములో ప్రతి పద్యము చివర మకుటము వచ్చును గనుక పద్యమెక్కడ ముగిసినదో చెవికే తెలియును. వచనమునకు అట్టి మకుటము లేదు. అయినను తెలుగులో సమాపక క్రియ సాధారణముగా చివరనే వచ్చును. "వచ్చెను", "చెప్పెను" అన్నచోట వాక్యము ముగిసినట్లే. క్రియ లేని వాక్యములోనే చిక్కు. "అతడు మా తమ్ముడు రంగయ్య మా మేనమామ కొడుకు" అన్నప్పుడు చుక్క "తమ్ముడు" తరువాత పెట్టినచో రంగయ్య వేరొక మనిషి. "రంగయ్య" తరువాత పెట్టినచో తమ్ముని పేరే రంగయ్య. ఆంగ్లము నుండి వచ్చిన ఈ చిన్న చుక్క ఇట్టిచోట నిజముగా అవసరము.

ఇక ఉద్ధరణ చిహ్నములు. ఇక్కడ మన కళాశాలలోని రెండు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మంచిది. ఉర్దూలో "ఉస్‌నే కహా కి మై ఆతా హూఁ" అందురు. "కి" మాట మొదలును తెలుపును. అది ఎక్కడ ముగిసినదో తెలుపదు. తెలుగులో "అని" చివర వచ్చి ముగింపును తెలుపును, మొదలు తెలియదు. మన ఇండ్లలోని దక్కనీ అయితే తెలుగు దారినే పట్టినది. "మై ఆతూఁ బోల్‌కే బోలా" అనునప్పుడు "బోల్‌కే" మన "అని" చేయు పనినే చేయుచున్నది. ఇంటిలో దక్కనీ మాట్లాడి తరగతిలో ప్రామాణిక ఉర్దూ వ్రాయు విద్యార్థి ఈ రెండు దారులను ఎరుగును, ఎరుగునని తనకు తెలియదు, అంతే.

కనుక తెలుగులో అసలు పని చేయునది మొదటి ఉద్ధరణ చిహ్నమే. "కరీము నిన్న రాజు వచ్చాడని చెప్పాడు" అను వాక్యము చూడుడు. నిన్న జరిగినది రాకయా, చెప్పుటయా? చిహ్నమును "నిన్న"కు ముందు పెట్టినచో నిన్న వచ్చినవాడు రాజు. "నిన్న" తరువాత పెట్టినచో కరీము చెప్పినది నిన్న. రెండవ చిహ్నము ఉన్నను "అని" ఎట్లును ఉన్నది.

కాని ఆ రెండవ చిహ్నము పెట్టుటలోనే ఇబ్బంది కలదు. "వచ్చాడు", "అని" కలిసి సంధిలో "వచ్చాడని" అగును. చిహ్నము ఎక్కడ పెట్టవలెను? కొందరు "వచ్చాడ"ని అని అచ్చు వేయుదురు. అప్పుడు కరీము నోట "వచ్చాడ" అను అసంపూర్ణమైన మాట మిగులును. చిహ్నములు కావలెనన్న సంధి విడదీసి "వచ్చాడు" అని వ్రాయుట, సంధి కావలెనన్న చిహ్నములు మానుట మంచిది. రెండును కోరుట వలననే ఈ వికారము.

ప్రశ్నార్థకమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. "వచ్చాడా" అన్నప్పుడు చివరి దీర్ఘమే ప్రశ్న. గుర్తు దానికి తోడు మాత్రమే. తప్పు జరుగునది లోపలి ప్రశ్నలో. "ఎవరు వచ్చారో తెలియదు?" అని వ్రాయువారు కలరు. అది ప్రశ్న కాదు, తెలియదను వార్త. అట్లే "వచ్చాడా?" అని అడిగాడు అన్నచోట గుర్తు లోపలి మాటకే చెందును, వాక్యము చివర చుక్కయే రావలెను. "ఎంత పెద్ద చెట్టు" అన్నప్పుడు మాత్రము కొలత అడుగుచున్నామో, ఆశ్చర్యపడుచున్నామో గుర్తు లేనిదే తెలియదు.

ఉర్దూవారు ఇదే గుర్తును త్రిప్పి, కుడి నుండి ఎడమకు నడచు తమ లిపికి తగినట్లు అమర్చుకొన్నారు. చుక్కకు బదులు చిన్న అడ్డగీత పెట్టినారు. మనము ఆంగ్లపు గుర్తులను ఉన్నవి ఉన్నట్లే తీసుకొన్నాము. వాటితోపాటు "అని" తరువాత కామా పెట్టు అలవాటును కూడ తీసుకొన్నాము. అక్కడ దానికి పని లేదు. ఈ సంచిక ప్రూఫులలో మేము కొట్టివేసిన కామాలలో ఎక్కువ భాగము అవియే.