సంటిపాప కంటికి కాటుకెందుకు?

మాది శ్రీకూర్మం. మా అక్క కూతురికి మూడో వారంలో ఎడమకన్ను నీరు కారీది. పొద్దున్న లేచీసరికి రెప్పలు అంటుకుపోయీవి. "కాటుకెడితే సల్లగుంటాది" అని అమ్మమ్మ ఆముదం దీపం మసి వేలితో ఎట్టీసింది. రెండ్రోజులకి రెప్ప వాచి చీము పట్టింది.

డాక్టరమ్మ సెప్పిందేటంటే, కన్నీరు దిగడానికి ముక్కు పక్కన సన్నటి గొట్టం ఉంటాది. కొందరు పిల్లలకి పుట్టినప్పుడు అది పూర్తిగా తెరుసుకోదు. ఏడాదిలోపు ఎక్కువమందికి దానంతటదే తెరుసుకుంటాది. నిలిచిన ఆ నీటిలోకి మన వేలి క్రిములు చేరితే చీమే.

కొన్న కాటుక, సుర్మాతో ఇంకో ముప్పు. కొన్నింట్లో సీసపు రాయి పొడే అసలు సరుకు. గొట్టం తెరిచున్న పిల్లకి అది కన్నీటితో గొంతులోకి దిగుతాది. కన్ను నులిమిన వేలు ఎలాగూ నోట్లోకే. సీసం మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తాది, పైకి ఏటీ కనపడదు. అమెరికాలో ఇలాటి కాటుకని చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు అక్క సబ్బుతో చేతులు కడుక్కుని, మరిగించి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన దూది తడిపి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారే తుడుస్తాది. ఒక్కో కంటికి వేరే దూది. డాక్టరమ్మ చూపినట్టు కంటి మూల నుంచి కిందికి మెల్లగా ఒత్తుతాది. చుక్కలమందు రాసిస్తేనే.

నెలలోపు బిడ్డకి రెప్ప వాచినా, చీము కారినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కాన్పులో అంటిన కొన్ని క్రిములు రోజుల్లోనే నల్లగుడ్డుని పాడు చేసీగలవు.

అమ్మమ్మ దిష్టి మాట మాత్రం వదల్లేదు. చెవి వెనక ఇంటి మసి చుక్క దగ్గర రాజీ పడ్డాం.