చార్టు పక్కన ఏ అంకెలుండాలి?

2023-24 ఆర్థిక సంవత్సరానికి ఇన్ఫోసిస్ తన ఆదాయం 1,53,670 కోట్ల రూపాయలని ప్రకటించింది. అదే ఏడాది విప్రో ప్రకటించిన ఆదాయం 897.6 బిలియన్ రూపాయలు. ఈ రెంటినీ పక్కపక్కన చూస్తే ఏది పెద్దదో చాలామంది వెంటనే చెప్పలేరు. బిలియన్ అంటే వంద కోట్లు కాబట్టి విప్రోది సుమారు 89,760 కోట్లు. అది తెలిశాక పోలిక తేలిక. కానీ విప్రో ఆర్థిక నివేదికల పట్టికలు మిలియన్లలో ఉంటాయి. ఎవరైనా ఆ ఎనిమిది లక్షల తొంభై ఏడు వేల పైచిలుకు అంకెను ఇన్ఫోసిస్ కోట్ల పక్కన అలాగే పెట్టి చార్టు గీస్తే, చిన్న కంపెనీ గీత పెద్దదాని కంటే దాదాపు ఆరు రెట్లు పొడవుగా లేస్తుంది.

చట్టం ఈ తేడాను తప్పుపట్టదు. కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలు ప్రకారం, మొత్తం ఆదాయం వంద కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ తన లెక్కలను లక్షల్లోగానీ మిలియన్లలోగానీ కోట్లలోగానీ చూపవచ్చు. ఎంచుకున్న కొలమానాన్ని మాత్రం నివేదిక అంతటా ఒకేలా పాటించాలి. అంటే ఒక కంపెనీ లోపల గందరగోళం ఉండదు. రెండు కంపెనీలను ఒకే చార్టులోకి తెచ్చినవాళ్లే మార్పిడి చూసుకోవాలి.

మన వ్యాపారులకు చూపే చార్టును కోట్లలోకి మార్చడానికి ఎక్సెల్‌లో ఉన్న దారి చాలామంది కంట పడదు. ఒక డీలరు మూడు నెలల అమ్మకాలు 1,84,00,000, 2,12,00,000, 2,65,00,000 రూపాయలు అనుకుందాం. చార్టు గీయగానే నిలువు అక్షం మీద సున్నా నుంచి 30,000,000 దాకా సున్నాల వరస వస్తుంది. ఆ అంకెల మీద రెండుసార్లు నొక్కితే `Format Axis` తెరుచుకుంటుంది. అందులో `Display units` జాబితాలో కోటి అనే మాట ఉండదు గానీ `10000000` ఉంటుంది, అదే కోటి. లక్షకు `100000`. కింద `Show display units label on chart` అని ఉన్నచోట టిక్ పెట్టి, చార్టు మీదికొచ్చిన ఆ చిన్న రాతను తీసేసి ‘రూ. కోట్లలో’ అని రాసుకోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. గీతలు అర కోటికొకటి ఉండి, అంకెల ఫార్మాట్‌లో దశాంశం లేకపోతే అక్షం మీద 0, 1, 1, 2, 2, 3, 3 అని కనిపిస్తుంది. అర కోటిని ఒకటిగా, ఒకటిన్నరను రెండుగా ఎక్సెల్ గుండుగుత్తగా చూపడమే కారణం. ఒకే అంకె రెండుసార్లు కనబడితే ఇదే జరిగిందని గుర్తించాలి. ఫార్మాట్‌ను `0.0` చేయాలి, లేదా `Major` దగ్గర 10000000 అని ఇచ్చి కోటికొక గీత పెట్టాలి.

పట్టికలోని గడులకు ఈ సౌకర్యం లేదు. అక్కడ ఫార్మాట్ కోడే దిక్కు. ఆ కోడ్‌లో చివరి కామా ఒక్కోటీ అంకెను వెయ్యితో భాగిస్తుంది. లక్షతోనో కోటితోనో భాగించే గుర్తు లేదు. అందుకని మిలియన్‌దాకా తగ్గించి, చివరి అంకెకు ముందు చుక్కను మామూలు అక్షరంలా ఇరికిస్తారు:

```
0\.0,," కోట్లు"
```

1,84,00,000 అప్పుడు 1.8 కోట్లుగా కనిపిస్తుంది. ఈ పద్ధతిలో ఒక్క దశాంశ స్థానమే దక్కుతుంది. నాలుగు లక్షల తేడా ముఖ్యమైన చోట ఇది పనికిరాదు. పక్క వరుసలో నిజంగానే కోటితో భాగించుకోవడం మేలు.

కొందరు ఒకే అక్షం మీద కోటి లోపు అంకెలను లక్షల్లో, ఆపైవి కోట్లలో చూపిస్తారు. 50 లక్షల పైన 1 కోటి, దానిపైన 1.5 కోట్లు వస్తే చూపు అక్షం మీద సాఫీగా ఎక్కదు. చార్టంతటికీ ఒకే కొలమానం ఉండటం మంచిది. పై ఉదాహరణలో లక్షలు పెడితే 184, 212, 265 వస్తాయి. తప్పు కాదు గానీ, మనం ‘కోటీ ఎనభై నాలుగు లక్షలు’ అంటామే తప్ప ‘నూట ఎనభై నాలుగు లక్షలు’ అనడం తక్కువ.

బడ్జెట్ లాంటి భారీ మొత్తాలకు లక్ష కోట్లు కావాలి. అది సరిగ్గా ఒక ట్రిలియన్ కాబట్టి, అంకెలు రూపాయల్లో ఉంటే `Trillions` ఎంచుకుని పేరు మారిస్తే చాలు. అయితే కేంద్ర బడ్జెట్ పత్రాల్లో అంకెలు ముందే కోట్లలో ఉంటాయి. వాటిని అలాగే తెచ్చుకున్నప్పుడు ఎంచుకోవాల్సింది `100000`. పొరపాటున `Trillions` పెడితే గీతలన్నీ బాగానే కనిపిస్తాయి, అక్షం మీది విలువలు మాత్రం సున్నాకు అంటుకుపోతాయి. ఏదో ఒక గీత ఎత్తును కొలమానంతో గుణించి, అసలు గడిలోని అంకెతో పోల్చి చూస్తే ఈ తప్పు ఇట్టే బయటపడుతుంది.