విడిపోయామని నలుగురికీ చెప్పాలా?

పెళ్లికి శుభలేఖ ఉంది. పిల్లల అన్నప్రాసనకీ, ఇంటి గృహప్రవేశానికీ కార్డులున్నాయి. విడిపోయినప్పుడు మాత్రం కబురు చెప్పే పద్ధతంటూ ఏదీ లేదు. మనం చెప్పకపోతే కబురు తనంతట తానే బయల్దేరుతుంది. వాట్సాప్ డీపీలోంచి భర్త ఫొటో పోయిన రోజే అత్తయ్యలు ఫోన్లు చేసుకుంటారు. సినిమావాళ్ల సంగతీ ఇంతే. 2021 జూలై చివర్లో సమంత సోషల్ మీడియాలో పేరు పక్కన అక్కినేని అని తీసేశారు. నాగచైతన్యా ఆమే విడిపోతున్నామని అక్టోబరు 2న ఇద్దరూ దాదాపు ఒకే మాటలతో ప్రకటించేదాకా, రెండు నెలలు ఊహాగానాలు నడుస్తూనే ఉన్నాయి.

పోయినేడాది మా పిన్ని కూతురికి ఈ చిక్కే వచ్చింది. ఇద్దరూ విడివిడిగా ఉండటం మొదలై ఏడాది దాటింది. ఇద్దరి సమ్మతితోనే ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశారు. ఏడేళ్ల పాప. దగ్గరలో మేనత్త కొడుకు పెళ్లి ఉంది. ఆ పెళ్లి పందిట్లో ‘అల్లుడు రాలేదేమ్మా?’ అని కనీసం నలభైమంది అడుగుతారు. ‘అక్కా, అందరికీ ఒకేసారి చెప్పేయనా, ఎవరికీ చెప్పకుండా ఊరుకోనా?’ అంది.

నేను అడిగింది ఒకటే. ఆ నలభైమందికీ విడివిడిగా, పాప పక్కనుండగా, జవాబు చెప్పగలవా? చెప్పగలిగితే ప్రకటన అక్కర్లేదు. ఆఫీసులో ఇద్దరు స్నేహితులకు, పాప స్కూల్లో క్లాస్ టీచర్‌కు తెలిస్తే చాలు. చెప్పలేకపోతే ఒక్క మెసేజ్ ఆ నలభై జవాబుల పని చేస్తుంది. ప్రకటన వల్ల లాభం అదొక్కటే. మన కథ వినిపించడానికని మొదలుపెడితే, నలభై ప్రశ్నలు నాలుగువందలవుతాయి.

చెప్పకూడని సందర్భాలూ ఉన్నాయి. అవతలివారు విడాకులకు ఒప్పుకోకుండా కేసు నడుస్తుంటే, రాసిన ప్రతి మాటా స్క్రీన్‌షాట్ అయి లాయరు ఫైల్లో చేరొచ్చు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉండి బయటికొచ్చినవాళ్లు ముందు చూసుకోవాల్సింది తమ భద్రత. ఎక్కడ ఉంటున్నారో తెలియజేసే మాట ఒక్కటీ బయటకు రాకూడదు. మర్యాద కోసం ‘ఇద్దరం ఇష్టపడే’ అని రాయనూ కూడదు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలకు తెలియకముందే ఊరికి తెలియకూడదు.

అవతలివారికి చెప్పకుండా చేసే ప్రకటన ఇంకో రకం తంటా. 2024 సెప్టెంబరులో తమిళ నటుడు జయం రవి తాము విడిపోతున్నట్టు ప్రకటించారు. రెండు రోజులకే ఆయన భార్య ఆర్తి, తనకు తెలియకుండా, తన సమ్మతి లేకుండా ఆ ప్రకటన వచ్చిందని చెప్పారు. ఎవరిది తప్పో మనకు అక్కర్లేదు. ఒక ప్రకటనకు జవాబుగా రెండో ప్రకటన వచ్చిందంటే, మొదటిది దాని పని చేయలేదన్నమాటే.

మా చెల్లెలు చిత్తు రాసి పంపింది: ‘అందరికీ నమస్కారం. ఎన్నో ప్రయత్నాలు చేసినా చివరికి మేమిద్దరం విడాకులు తీసుకోవాల్సి వచ్చింది. పాప భవిష్యత్తు కోసమే ఈ నిర్ణయం. అతని వైపు నుంచి ఏం విన్నా నమ్మకండి. నిజం దేవుడికి తెలుసు.’

రాసినప్పుడు ఏడ్చి ఉంటుంది, పాపం. అయినా ఒక్కో మాట దగ్గరా ఆగి, ఇది చదివినవాళ్లు తర్వాత ఏం అడుగుతారని చూశాం. ‘ఎన్నో ప్రయత్నాలు’ అంటే ఎవరు చేశారు, ఎవరు చేయలేదు? ‘తీసుకోవాల్సి వచ్చింది’ అంటే ఎవరి వల్ల? ‘పాప భవిష్యత్తు కోసమే’ అంటే తండ్రి దగ్గర పాపకు ఏం జరిగింది? ‘ఏం విన్నా’ అంటే వినాల్సింది ఏదో ఉందన్నమాట, ఇక అది కనుక్కునేదాకా ఎవరూ నిద్రపోరు. మన భాషలో ఇంకో ప్రమాదం ఉంది. పదేళ్లు ‘ఆయన’ అన్న మనిషి ఒక్క మెసేజ్‌లో ‘అతను’ అయితే, మిగతా వాక్యాలన్నీ ఎంత శాంతంగా ఉన్నా కోపం ఆ ఒక్క మాటలో బయటపడిపోతుంది.

‘విడాకులు తీసుకున్నాం’ అనడం అప్పటికి నిజం కూడా కాదు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరి సమ్మతితో విడాకులు కోరాలంటే ముందు ఏడాది విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగి, ఇద్దరూ మళ్లీ కోర్టు ముందుకు రావాలి. తగిన కారణాలుంటే ఈ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు కూడా. అందుకే అప్పటిదాకా ‘విడిపోవాలని నిర్ణయించుకున్నాం’ అనే మాటే సరైనది. కోర్టు, వాయిదా, భరణం, నగలు వగైరాల ప్రస్తావన అసలే వద్దు. అదే చట్టంలో 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణ తలుపులు మూసే జరగాలి. అక్కడి విషయాలను ఎవరూ ప్రచురించకూడదు. వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. జరిమానా చిన్నదే కానీ, జడ్జిగారి ముందు పోయే మంచిపేరు చిన్నది కాదు.

నాలుగోసారికి చిత్తు ఇలా తేలింది:

‘అందరికీ నమస్కారం. పాప వాళ్ల నాన్నగారూ నేనూ విడిపోవాలని నిర్ణయించుకున్నాం. ఇది ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం. పాప నా దగ్గర ఉంటుంది, వాళ్ల నాన్నగారి దగ్గరికీ వెళ్లి వస్తుంటుంది. కారణాలు మా ఇద్దరి మధ్యే ఉంచుకుంటాం. పాప ముందు ఈ మాట ఎత్తవద్దని మనవి. శుభకార్యాలకు మా ఇద్దరినీ విడివిడిగా పిలవండి.’

చివరి వాక్యం ఆమె సొంతం. నాకు తట్టలేదు. బంధువులకు నిజంగా ఎదురయ్యే ఇబ్బంది అదే కదా, శుభలేఖ మీద ఎవరి పేరు రాయాలి, ఒకరిని పిలిస్తే రెండోవారికి కోపమొస్తుందా అని. దానికి జవాబు దొరికితే సగం మంది ఇక ఫోన్ చేయరు.

పంపేముందు దాన్ని ఆయనకు చూపించింది. ‘కలిసి’ అనే మాట ఉండాలని ఆయన పట్టుబట్టాడట, ఉంచింది. అంతకు వారం ముందే ఇద్దరూ కూర్చుని పాపకు చెప్పారు. రెండు వైపులా పెద్దవాళ్లకు ఫోన్ చేశారు, ఎందుకంటే సొంత మేనమామకు మెసేజ్‌లో తెలియడం మన ఇళ్లలో అవమానం కిందే లెక్క. ఆ తర్వాత ఆదివారం పొద్దున ఇద్దరూ ఒకే సమయానికి ఎవరి బంధువులకు వాళ్లు పంపారు. ఆయన పంపినదాంట్లో ‘పాప వాళ్ల అమ్మ’ అని మార్చాడు, అంతే తేడా.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. గ్రూపులో ఒకరు ఏడుపు బొమ్మ పెడితే ఇంకొకరు దండం పెడతారు, మూడోవారు కాపురాల మీద ఫార్వర్డ్ వేస్తారు. వాట్సాప్‌లోనే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ఉంది. 256 మంది దాకా చేర్చుకోవచ్చు. అందరికీ విడిగా పంపినట్టే వెళ్తుంది, జవాబు మనకొక్కరికే వస్తుంది. మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు మాత్రం అది చేరదు. వాళ్లకు చెప్పాల్సిన అవసరమూ పెద్దగా ఉండదులెండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టి తీరాలంటే కామెంట్లకు ముందే తాళం వేయాలి, హ్యాష్‌ట్యాగులు వద్దు. 2024 నవంబరులో ఎ.ఆర్.రెహమాన్ తన పోస్టుకు హ్యాష్‌ట్యాగు తగిలిస్తే, జనం అసలు విషయం వదిలి దాని మీదే పడ్డారు.

జవాబుల్లో చాలావరకు ‘సరేనమ్మా, జాగ్రత్త’. ఒక బాబాయ్ మాత్రం ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాడు. ‘అదికాదమ్మా, నాకొక్కడికి చెప్పు, అసలేం జరిగింది?’

‘మెసేజ్‌లో రాశాను కదా బాబాయ్, అంతే. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందా?’

కాసేపు మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారట.