గది ఒకటే, అద్దె ఒకటే: ‘ప్రీమియం’ ఎవరి మాట, ‘కాస్ట్లీ’ ఎవరి మాట?

ఏ హోటలూ తన గదిని ‘ఎక్స్‌పెన్సివ్’ అని రాసుకోదు. అద్దె ఎంతైనా సరే, బుకింగ్ సైటులో దాని పక్కన ప్రీమియం, లగ్జరీ, ఎక్స్‌క్లూజివ్ లాంటి మాటలే కనిపిస్తాయి. అదే గది ‘విశాఖలో రెండు రోజులు ఉండాలంటే ఏ హోటల్ నయం’ అనే పోలిక వ్యాసంలోకి వచ్చేసరికి కాస్ట్లీ అవుతుంది, లేదా ప్రైసీ అవుతుంది. నిఘంటువు తెరిస్తే ఈ మాటలన్నీ పక్కపక్కనే ఉంటాయి. కానీ ఒకదాని చోట ఇంకొకటి వేస్తే వాక్యం అర్థమే మారిపోతుంది. అరకు, లంబసింగి వైపు హోమ్‌స్టేలు నడిపేవాళ్లు తమ గదుల గురించి ఇంగ్లీషులో సొంతంగా రాసుకుంటున్న రోజులివి. ఆ తేడా వాళ్లకూ కావాలి, వాళ్లు రాసింది చదివి డబ్బు కట్టేవాళ్లకూ కావాలి.

ముందు ‘ఎక్స్‌పెన్సివ్’ సంగతి. నిజానికి అది తిట్టు కాదు, పొగడ్తా కాదు. ఇవ్వాల్సిన సొమ్ము ఎక్కువ అని మాత్రమే చెప్పే మాట. 1957లో ‘యూరప్ ఆన్ ఫైవ్ డాలర్స్ ఎ డే’ పుస్తకంతో పేరు తెచ్చుకున్న ఆర్థర్ ఫ్రామర్ పేరిట తర్వాత వచ్చిన గైడు పుస్తకాల్లో హోటళ్లను వెరీ ఎక్స్‌పెన్సివ్, ఎక్స్‌పెన్సివ్, మోడరేట్, ఇనెక్స్‌పెన్సివ్ అని విడగొట్టేవారు. లోన్లీ ప్లానెట్ పుస్తకాలు బడ్జెట్, మిడ్‌రేంజ్, టాప్ ఎండ్ అంటాయి. ఎవరినీ నొప్పించకుండా, ఎవరినీ మెచ్చుకోకుండా గదులను అరల్లో సర్దే మాటలివి. ధర ఎంత నుంచి ఎంత వరకో పక్కనే చెప్పినంతకాలం వీటితో పేచీ లేదు. చిక్కంతా ఆ అరలు వదిలి అమ్మే మాటలోకో, బేరమాడే మాటలోకో వెళ్లినప్పుడే.

అమ్మేవాళ్ల మాటల్లో ప్రీమియానిదే పెద్దపీట. దాని మూలమైన లాటిన్ మాటకు బహుమానం అని అర్థం. బీమాకు కట్టే ప్రీమియం మనకు తెలిసిందే. వ్యాపారంలో మామూలు ధర మీద అదనంగా ఇచ్చేదాన్ని కూడా ప్రీమియమనే అంటారు. హోటల్ గదికి కావలసిన అర్థం ఇదే: మామూలు దాని కంటే ఒక మెట్టు పైన. అంటే ప్రీమియం ఒంటరిగా నిలబడగల మాట కాదు. కింద మామూలు గది ఒకటి ఉంటేనే దానికి అర్థం. ఆరు గదులూ ఒకే తీరుగా ఉన్న హోమ్‌స్టేలో ఆరింటికీ ప్రీమియం అని పేరు పెడితే, చదివేవారికి దేని కంటే ప్రీమియమో తెలియదు.

డీలక్స్‌ది మరీ విచిత్రమైన పరిస్థితి. మన కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే స్టార్ వర్గీకరణలో ‘ఫైవ్ స్టార్ డీలక్స్’ అనేది అధికారిక హోదా. తనిఖీ చేసి, నిర్ణీత కాలానికి ఇస్తారు. ‘డీలక్స్ రూమ్’కు అలాంటి కొలత ఏదీ లేదు. హోటల్ తనకు నచ్చినట్టు పెట్టుకునే పేరది. చాలా హోటళ్లలో అన్నిటి కంటే కింది తరగతి గది పేరే డీలక్స్. కాబట్టి స్టార్ హోదా కనిపిస్తే ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో అడగవచ్చు. గది పేరులో డీలక్స్ కనిపిస్తే అద్దెల పట్టికలో దాని కింద ఇంకేమైనా ఉందా అని మాత్రమే చూడాలి.

ఎక్స్‌క్లూజివ్‌ను మాత్రం నేను అమ్మకపు మాటల్లోంచి తీసేయమనే అంటాను. గది గురించి చెప్పేటప్పుడు అది ‘కొందరికే’ అని గొప్ప చెబుతుంది. ధర గురించి చెప్పేటప్పుడు ‘పన్నులు కలపలేదు’ అని హెచ్చరిస్తుంది. ఒకే పేజీలో రెండు అర్థాల్లో వాడితే, డబ్బు కట్టేవారికి నిజంగా కావలసిన రెండో అర్థం మొదటిదాని మెరుపులో కొట్టుకుపోతుంది.

మరి గది అద్దె నిజంగానే ఎక్కువైతే యజమాని ఏం రాయాలి? ఆ ఎక్కువ దేనికో రాయాలి. బీచ్ రోడ్డు మీది హోటల్ ‘ప్రీమియం సీ వ్యూ రూమ్, మరపురాని అనుభూతి’ అని రాస్తే, కిటికీ సందులోంచి నీలిగీత ఒకటి కనబడినా ఆ మాట చెల్లిపోతుంది. ‘నాలుగో అంతస్తు, మూడు వందల చదరపు అడుగులు, బాల్కనీ నేరుగా సముద్రం వైపు, ఇద్దరికి ఉదయం టిఫిన్ అద్దెలోనే’ అని రాస్తే, ప్రీమియం అన్న మాట లేకపోయినా ధర ఎందుకు ఎక్కువో అర్థమవుతుంది. హోటళ్లవాళ్లు సీ ఫేసింగ్, సీ వ్యూ, పార్షియల్ సీ వ్యూ అని మూడు రకాలుగా చెప్పడం వెనక ఉన్నదీ ఈ తేడానే. మొదటిది సముద్రానికి ఎదురుగా, రెండోది సముద్రం కనబడేలా, మూడోది మెడ తిప్పితే కనబడేలా. ఈ మూడింటి మధ్య తేడా ప్రీమియం అనే పేరు కంటే చాలా ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన మాటల్లో కాస్ట్లీ అన్నది తరచూ మెప్పు. ‘కాస్ట్లీ చీర కట్టుకుంది’ అంటే గొప్ప చీర అనే. అదే అలవాటుతో హోమ్‌స్టే పేజీలో ‘కాస్ట్లీ ఫర్నిచర్, కాస్ట్లీ రూమ్స్’ అని ఇంగ్లీషులో రాస్తే, చదివే ఇంగ్లీషువారికి అది హెచ్చరికలా వినబడుతుంది. ఇంగ్లీషులో కాస్ట్లీ బరువైన మాట. సొమ్ము బాగా పోతుందనీ, ఒక్కోసారి దానికి తగ్గ ఫలం దక్కదనీ అందులో ధ్వనిస్తుంది. నష్టం తెచ్చిన పొరపాటును ‘కాస్ట్లీ మిస్టేక్’ అనేది అందుకే. ఆ బల్ల టేకుదైతే టేకు అని రాయడమే మేలు.

పోలిక రాసేవారి దగ్గరకు వస్తే అవసరం తలకిందులవుతుంది. ఇక్కడ చదువరి చూసేది గది వైపు కాదు, తన జేబు వైపు. ఈ పనికి ప్రైసీ, కాస్ట్లీ, ఓవర్‌ప్రైస్డ్ అనే మూడు మాటలు చాలు. అయితే మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. ప్రైసీ మాటామంతీ భాషలోది, తేలికైన ఫిర్యాదు. మనం ‘రేటు కాస్త ఘాటుగానే ఉంది’ అంటామే, అది. దాని చూపు కనబడే ధర మీద. కాస్ట్లీ చూపు చివరికి తేలే మొత్తం మీద. ‘ఖర్చు తడిసి మోపెడైంది’ అన్నప్పుడు మనం చెప్పేది అదే. ఓవర్‌ప్రైస్డ్ అసలు ధర గురించి కాదు, తీర్పు: ఇచ్చినదానికి తగ్గది దొరకలేదని. నాలుగు వేల గది ఓవర్‌ప్రైస్డ్ కావచ్చు, నలభై వేల గది కాకపోవచ్చు.

ఉదాహరణకు మూడు గదులు ఊహించుకుందాం. విశాఖ బీచ్ రోడ్డు మీద మొదటిది, రాత్రికి 8,000 రూపాయలు, ఇద్దరికి టిఫిన్‌తో కలిపి. ఒక వీధి వెనక రెండోది 7,400, టిఫిన్ లేదు. మధురవాడ వైపు మూడోది 4,000, టిఫిన్ లేదు. తెర మీద చూస్తే మొదటి రెండింటికీ తేడా ఆరు వందలే. ‘కొంచెం ప్రైసీ’ అని రాసేసి ముందుకు పోవచ్చనిపిస్తుంది.

కానీ పన్ను కలపాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మొదటి గది 9,440 అవుతుంది, రెండోది 7,770. ఆరు వందల తేడా 1,670కి పెరిగింది. ఈ గీత దగ్గర ఉన్న గదుల విషయంలో కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి. 7,500 గదికి కట్టేది 7,875 అయితే, 7,600 గదికి కట్టేది 8,968. వంద రూపాయల అద్దె తేడా వెయ్యి దాటిపోతుంది.

ఇప్పుడు టిఫిన్. రెండో హోటల్లోనే తింటే మనిషికి 450 చొప్పున, 5 శాతం పన్నుతో కలిపి 945 అనుకుందాం. మొత్తం 8,715. మొదటి దానికీ దీనికీ మిగిలిన తేడా 725. ఆ డబ్బుకు బాల్కనీలోంచి సముద్రం దొరుకుతోంది గనక, ఇక్కడ ‘కొంచెం ప్రైసీ’ అనడం న్యాయమే. కానీ వీధి చివర ఇడ్లీ తినే దంపతులకు రెండు వందల్లో టిఫిన్ అయిపోతుంది. వాళ్లకు తేడా 1,470. వాళ్లను ఉద్దేశించి రాస్తే ‘కాస్ట్లీ’ అనాలి. ఎవరికి కాస్ట్లీనో చెప్పకుండా ఆ మాట వాడితే సగం మందికి అబద్ధమవుతుంది.

మూడో గది తెర మీద మొదటిదానిలో సగం ధర. పన్నుతో 4,200. బీచ్‌కూ ఊళ్లోకీ తిరగడానికి రోజుకు క్యాబులకు 1,600, టిఫిన్‌కు 300 వేస్తే 6,100. ఇప్పటికీ మూడింటిలో చవక ఇదే, కానీ సగం ధర కాదు. దాదాపు మూడింట రెండొంతులు. ఇలాంటి గదిని ప్రైసీ అనలేం, ఎందుకంటే ధర తక్కువే. అయినా కారు లేనివాళ్లకు అది అనుకున్నంత చవక కాదు, కాస్ట్లీ వైపు జరుగుతుంది. ప్రైసీకీ కాస్ట్లీకీ మధ్య తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

ముందు చిన్న ధర చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఒక్కొక్కటే కలిపే పద్ధతిని ‘డ్రిప్ ప్రైసింగ్’ అంటారు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చేయకూడదని చెప్పిన పదమూడు డార్క్ ప్యాటర్న్స్‌లో ఇదొకటి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు లాస్ వేగాస్ ‘రిసార్ట్ ఫీజు’ రూపంలో ఇది బాగా పరిచయం. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ మొదట చూపే ధరలోనే ఉండాలి. పోలిక రాసేవారు చివరి పేజీ దాకా వెళ్లి, కట్టాల్సిన అంకె చూశాకే విశేషణం ఎంచుకోవాలి.

వ్యాకరణంలో కూడా తరచూ దొర్లే తప్పు ఒకటుంది. ఇంగ్లీషులో గది ఎక్స్‌పెన్సివ్, కాస్ట్లీ, ప్రైసీ కావచ్చు. ధర మాత్రం హై లేదా స్టీప్. ‘ప్రైస్ ఈజ్ కాస్ట్లీ’ అనకూడదు, ‘రూమ్ ఈజ్ కాస్ట్లీ’ అనాలి. రేటు ఎక్కువ, గది ఖరీదైనది అని తెలుగులో మనం విడిగానే అంటాం. ఇంగ్లీషులోకి వచ్చేసరికే కలిపేస్తున్నాం.

పోలికకు తేదీ కూడా జోడించాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, లంబసింగిలకు జనం పోటెత్తినప్పుడు అద్దెలు ఎగబాకుతాయి. వానాకాలం మధ్యవారంలో మోడరేట్ అనిపించిన గది జనవరి శనివారం ఎక్స్‌పెన్సివ్ అవుతుంది. ఏ రాత్రి ధర చూసి రాశారో వారంతో సహా చెప్పి, పన్ను కలిపిన మొత్తం పక్కన పెడితే, ‘రెండో దాని కంటే రాత్రికి 725 రూపాయలు ఎక్కువ’ అన్న వాక్యం దగ్గరే చాలా పోలికలు పూర్తవుతాయి. అక్కడ ఇక ప్రైసీ అవసరమూ రాదు.