పొత్తిళ్లకన్నా ముందు

కాన్పు గదిలోంచి ఏడుపు వినబడగానే బయట బంధువుల మనసు కుదుటపడుతుంది. లోపల నర్సు మాత్రం గడియారం చూస్తుంది. 1 నిమిషానికి, మళ్లీ 5 నిమిషాలకు బిడ్డకు మార్కులు వేయాలి. అమెరికాలో మత్తు వైద్యురాలు వర్జీనియా అప్గార్ 1952లో రూపొందించిన పద్ధతి ఇది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0 నుంచి 2.

ఒక బిడ్డను ఊహించుకుందాం. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటోంది: 2. ఏడుపు నీరసం: 1. కాళ్లూచేతులు కొద్దిగానే ముడిచింది: 1. అరికాలు తడితే ముఖం చిట్లించింది, అంతే: 1. ఒళ్లు గులాబీ, పాదాలు నీలం: 1. మొత్తం 6. తుడిచి, వీపు రుద్దాక అయిదో నిమిషానికి 9. తగ్గిన ఒక్క మార్కూ పాదాల నీలానిది. మొదట్లో అది మామూలే.

బిడ్డ ఊపిరి తీయకపోతే మాత్రం మార్కుల కోసం ఎవరూ ఆగరు, వెంటనే శ్వాస అందిస్తారు. ఈ అంకెలు రేపటి తెలివితేటలనూ చెప్పవు.

అసలు దొంగ తడి. ఉమ్మనీరు ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే తుడిచిన తడిగుడ్డ తీసేసి, బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, టోపీ పెట్టి, ఇద్దరికీ పొడిగుడ్డ కప్పుతారు. చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పొట్ట వెచ్చగా ఉన్నా పాదాలు చల్లబడితే చలి పట్టడం మొదలైనట్టే. రెండూ చల్లగా ఉంటే వెంటనే నర్సును పిలవాలి.

అమ్మమ్మలూ, నాయనమ్మలూ! తొలి స్నానం కనీసం 24 గంటలు ఆపండి.